వెచ్చగుంటే ఎక్కుతున్నట్టే

పత్తర్‌గట్టిలో నగేష్ దుకాణం రెండు షట్టర్ల మధ్య ఇరుక్కున్న గూడు. ఫోను కవర్లు, చార్జర్లు అతని సరుకు. నోరు మాత్రం నాలుగంతస్తుల షోరూమంత. "వైర్ లొల్లే లేదు భాయ్. గిట్ల పెట్టు, చాయ్ తాగి రా" అంటూ వైర్‌లెస్ చార్జింగ్ పాడ్లు అమ్మేవాడు. కొన్నవాడు తిరిగొచ్చి ఫోను వేడెక్కుతోందని సణిగితే, "వెచ్చగుంటే ఎక్కుతున్నట్టే. ఫికర్ చెయ్యకు" అని సాగనంపేవాడు.

సంగతి అతనికి తెలియక కాదు. పాడ్‌లో రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకు లక్షసార్లకు పైగా అటూ ఇటూ మారుతుంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం మారుతుంటుంది. ఫోను వీపులో ఉన్న ఇంకో చుట్ట దాన్ని అందుకుని మళ్లీ కరెంటు చేసుకుంటుంది. కేబుల్లో నేరుగా పోయేది ఇక్కడ సందు దాటాలి. దాటేటప్పుడు కొంత జారిపోతుంది, ఫోను కాస్త పక్కకు జరిగిందా, ఇంకా ఎక్కువ పోతుంది. పాడ్ తాగిన దాంట్లో పావు వంతో అంతకుమించో బ్యాటరీకి చేరదు. ఆ చేరనిదే వేడి. ఈ చివరి ముక్క గిరాకీలకు చెబితే ఎవడు కొంటాడు?

తండ్రి అంజన్నకూ చెప్పలేదు. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు చేతులు వణుకుతాయి, కేబుల్ మొన ఫోను రంధ్రంలోకి పోదు. చూపూ అంతంతే. అందుకే నగేష్ వైర్‌లెస్ చార్జింగ్ ఉన్న పాత ఫోనొకటి, ఒక చవక పాడూ ఇంటికి తెచ్చాడు. "ఎక్కుతున్నట్టు ఎట్ల తెలుస్తదిరా?" అని తండ్రి అడిగితే అలవాటైన మాటే అనేశాడు. అంజన్నకు అది నచ్చింది. ఇంజన్లను చేత్తో తాకి సంగతి చెప్పిన వాడాయన.

తల్లి రాజమణి ఆస్పత్రిలో చేరాక ఆ ఫోను ఆయన చేతిని విడవలేదు. మందుల మత్తులో ఉన్న భార్య ఎప్పుడు కళ్లు తెరిస్తే అప్పుడు మాట్లాడాలని ఒకటే ఆశ. మెట్లు దిగలేడు, ఆస్పత్రికి వెళ్లలేడు.

ఆ మధ్యాహ్నం ఆస్పత్రిలో తల్లి దగ్గరున్న చెల్లెలు సోనీ, దుకాణంలో ఉన్న నగేష్‌కు ఫోను చేసింది.

"అన్నా, అమ్మకు సోయొచ్చింది. బాపుతోని మాట్లాడిపియ్యమంటుంది. బాపు ఫోను బందొస్తుంది. జల్ది పో అన్నా!"

నగేష్ షట్టరైనా దించకుండా స్కూటరెక్కాడు. అఫ్జల్‌గంజ్ దగ్గర బస్సులు, తోపుడు బండ్లు అడ్డం పడ్డాయి. హారన్ కొడుతూనే ఏడ్చాడు. ఉస్మాన్‌గంజ్ గల్లీలో ఇంటి మెట్లు ఎలా ఎక్కాడో అతనికే తెలియదు.

అంజన్న పాడ్ ముందు కూర్చుని ఫోను మీద అరచెయ్యి పెట్టుకుని ఉన్నాడు.

"మస్తు వెచ్చగున్నదిరా. మంచిగ ఎక్కుతున్నది."

ఫోను ఎప్పుడో ఆరిపోయింది. నగేష్ తన ఫోన్లోంచి సోనీకి చేసి తండ్రి చెవికి ఆనించాడు. సోనీ గొంతు అతనికీ వినపడింది.

"డాక్టర్లు అమ్మను లోపలికి తీస్కపోయిన్రు బాపూ. మల్ల చేస్త."

"నాకెందుకు రాలేదురా ఫోను? వెచ్చగనే ఉండె కద!"

నగేష్ కవరు ఊడదీశాడు. రూపాయంత రాగి బిళ్ల అరచేతిలో పడి చురుక్కుమంది. ఆస్పత్రికి పోయేముందు రాజమణి పెట్టిన మైసమ్మ బిళ్ల, తను లేనప్పుడు మొగుణ్ని కాపాడాలని. రెండు చుట్టల నడుమ లోహం పడితే కరెంటు దాన్నే కాలుస్తుంది. మంచి పాడైతే పసిగట్టి ఆగిపోయేది. చవక పాడ్‌కు ఆ తెలివి లేదు. వేడి హద్దు దాటినప్పుడల్లా ఫోనే తన బ్యాటరీని కాచుకోవడానికి చార్జింగ్ ఆపేసుకుంది. ఎక్కిన కాస్తా కరిగిపోయింది.

ఇదంతా నగేష్‌కు ఒక్క క్షణంలో అర్థమైంది. వెచ్చదనం అంటే ఎక్కడం కాదు బాపూ, పోవడం అని చెప్పాలి. చెబితే అమ్మ పెట్టిన బిళ్లే అడ్డుపడిందనీ చెప్పాలి.

"పాడ్ ఖరాబైంది బాపూ" అన్నాడు.

"అయితే మీ అమ్మ బిళ్ల మల్ల పెట్టు."

పెట్టాడు. మూలనున్న కేబుల్ తెచ్చి తనే గుచ్చి, కాస్త ఎక్కగానే ఫోను ఆన్ చేశాడు. తెర మీద అంకె నెమ్మదిగా పెరగసాగింది. అంజన్న మళ్లీ చెయ్యి పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"సల్లగున్నదిరా. ఎక్కుతలేదు."

"ఎక్కుతుంది బాపూ."

"సల్లగుంటే ఎట్లెక్కుతదిరా? నువ్వే చెప్పితివి కద!"

అప్పుడే ఆ ఫోను మోగింది. అంజన్న మొహం విప్పారింది.

"మీ అమ్మనే!" అంటూ వణికే చేతులతో తనే ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. "రాజమణీ..."

అవతల ఏడుస్తున్నది సోనీ. అంజన్న చాలాసేపు విన్నాడు. ఫోను కిందకు దించి, రెండు చేతుల నడుమ పెట్టుకుని రుద్దుతూ కూర్చున్నాడు.

"సల్లగనే ఉన్నదిరా" అన్నాడు.