ఏడులో ఆగిన లెక్క

బస్సు బ్రేకు పోవడం ఉత్తిమాటట. డ్రైవరమ్మ స్టీరింగు మీద తల వాల్చి కునుకు తీసిందట, గోడ అడ్డం రాబట్టి బస్సు ఆగిందట, లేకపోతే జనమంతా కాలువలోకేనట. ఈ సంగతి పక్కింటావిడ చెప్పింది. ఆవిడకు వాళ్ళాయన చెప్పాడట. ఆయన డిపోలో టైమ్‌కీపరు కాబట్టి ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుందని ఆవిడ ధీమా. ఆయనకు ఎవరు చెప్పారో మాత్రం ఆవిడా అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పక్కింటావిడ ఈ కబురు మోసుకొచ్చింది లెక్కలమ్మ వసారాలోకి. లెక్కలమ్మ ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. అసలు పేరు పెన్షను కాగితాల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. జైమిని పద్ధతిలో జాతకం చూస్తుంది. చేతిలో ఒక్క పైసా పెట్టనివ్వదు. ముందుగదిలో బడి వాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్న నల్లబల్ల ఉంది. దాని మీద సుద్దతో పన్నెండు గళ్ళు గీసి లెక్క వేస్తుంది. వేసిన లెక్క చెరపదు. మర్నాడు పనిమనిషి తడిగుడ్డతో తుడవాల్సిందే గాని, తప్పు పడిందని ఆవిడ డస్టరు ఎత్తగా చూసినవాళ్ళు లేరు. ఊళ్ళో ఆవిడ పరపతంతా ఆ ఎత్తని డస్టరు మీదే నిలబడి ఉంది.

పక్కింటావిడ కబురు చెప్పి వెళ్ళిన గంటకే డ్రైవరమ్మ వచ్చింది. ఒకప్పుడు లెక్కలమ్మ దగ్గర పదో తరగతి చదివిన పిల్లే. ఇప్పుడు నలభై ఏళ్ళది, చేతులు ఇనప్పలుగుల్లా ఉంటాయి. గోడ గుద్దిన దగ్గర్నుంచీ మూడు నెలలుగా బండి ఇవ్వకుండా డిపోలో బస్సులు కడిగిస్తున్నారు. విచారణలో తప్పు లేదని తేలింది, కాగితం కూడా ఇచ్చారు. కొత్త డ్రైవర్లకు నేర్పించే శిక్షకురాలి ఉద్యోగానికి పేరు కూడా రాశారు. ఒప్పుకుంటే రోజూ ఇరవైమంది ముందు నిలబడి బండి ఎలా నడపాలో చెప్పాలి. "గోడ గుద్దినావిడ మాకు నేర్పేదేంటి అంటే ఏం చెప్పమంటారు టీచరమ్మా?" అని అడగడానికే వచ్చింది.

లెక్కలమ్మ చకచకా గళ్ళు గీసింది, చకచకా లెక్కపెట్టింది, పెదవి విరిచింది. ఆరూఢానికి పన్నెండో ఇంట్లో శని, కుజుడు కూర్చున్నారంది. పేరు చిల్లుకుండలో నీళ్ళలా కారిపోతుందంది. ముందు వరసలోకి వెళ్ళకు, వద్దని రాసిచ్చెయ్ అంది. డ్రైవరమ్మ ఇంకో మాట అడగలేదు. టీచరమ్మ లెక్క తప్పుతుందని ఆ పిల్లకు పదో తరగతిలోనే ఊహ లేదు.

ఇది జరిగి తొమ్మిది రోజులు.

శనివారం పొద్దున లెక్కలమ్మ దగ్గరికి నలుగురైదుగురు జ్యోతిష్యం నేర్చుకోవడానికి వస్తారు. ఆ వారం వానకు ఒక్క దర్జీయే వచ్చాడు. యాభై ఏళ్ళవాడు, నిదానస్తుడు. గుడ్డ కత్తిరించే ముందు మూడుసార్లు కొలిచే అలవాటు జాతకాలకూ అంటించుకున్నాడు. ఆరూఢ లగ్నం ఇంకా ఒంటబట్టలేదు అమ్మగారూ, మళ్ళీ చెప్పండి అన్నాడు.

లగ్నం అంటే మనిషి, ఆరూఢం అంటే జనానికి కనబడే మనిషి అని మొదలుపెట్టింది లెక్కలమ్మ. మీ కొట్లో నిలువుటద్దం ఉందిగా, నువ్వు అద్దానికి ఇవతల ఎంత దూరంలో ఉంటావో నీ బొమ్మ అద్దానికి అవతల అంతే దూరంలో ఉంటుంది. ఇక్కడ అద్దం లగ్నాధిపతి. లగ్నం నుంచి అధిపతి ఎన్నో ఇంట్లో ఉన్నాడో లెక్కపెట్టు, మొదలుపెట్టిన ఇల్లు ఒకటి అనుకోవాలి. మళ్ళీ అధిపతి ఉన్న ఇంటిని ఒకటి అనుకుని అక్కణ్ణుంచి అన్నే ఇళ్ళు ముందుకు లెక్కపెట్టు. ఎక్కడ ఆగితే అదే ఆరూఢం.

"మరి ఆ రెండు చోట్లా ఆగకూడదన్నారు?"

ఆగకూడదు, అంది. లగ్నంలోనే పడితే అది బొమ్మ కాదు, మనిషే. ఏడో ఇంట్లో పడితే మనిషికి సరిగ్గా ఎదురుగా నిలబడినట్టు, అదీ బొమ్మ కాదు. ఆ రెండింట్లో ఎక్కడ పడినా, పడిన చోటినుంచి పదో ఇల్లు తీసుకోవాలి. తన జాతకమే బల్ల మీద గీసి ఉదాహరణగా చూపించింది. మిథున లగ్నం, దాని అధిపతి బుధుడు ధనుస్సులో, ఏడో ఇల్లు. ధనుస్సునుంచి ఏడు లెక్కపెడితే తిరిగి మిథునానికే వచ్చింది. అందుకని అక్కణ్ణుంచి పది, మీనం. చూశావా, నా పేరంతా ఆ పదో ఇంట్లోనే ఉంది అని కాస్త మురిసింది.

దర్జీకి తన పుస్తకంలో ఎక్కించుకోవడానికి ఇంకో జాతకం కావాల్సి వచ్చింది. బల్ల పక్కన మేకుకు గుచ్చిన కాగితాల్లోంచి పైనున్నది తీశాడు. డ్రైవరమ్మది. కర్కాటక లగ్నం, దాని అధిపతి చంద్రుడు తులలో. వేలు పెట్టి లెక్కపెట్టాడు, కర్కాటకం, సింహం, కన్య, తుల, నాలుగు. మళ్ళీ తుల, వృశ్చికం, ధనుస్సు, మకరం, నాలుగు. మకరం దగ్గర వేలు ఆపాడు. కాగితం మీద కూడా మకరంలోనే లెక్కలమ్మ చేత్తో 'ఆ' అని రాసి ఉంది.

దర్జీ కర్కాటకం నుంచి మకరానికి ఒకసారి లెక్కపెట్టాడు, ఇంకోసారి లెక్కపెట్టాడు. మూడోసారీ లెక్కపెట్టాడు.

"అమ్మగారూ, ఇది ఏడే కదా?"

 లెక్కలమ్మ కాగితం లాక్కుంది. మకరం ఏడే. అక్కణ్ణుంచి పది, తుల. ఆరూఢం తుల, అక్కడ చంద్రుడు. శని, కుజుడు ధనుస్సులో. మకరం నుంచి చూస్తే పన్నెండో ఇల్లు, కారిపోవడం. తుల నుంచి చూస్తే మూడు. ఆరూఢానికి మూడో ఇంట్లో పాపగ్రహాలు ఉంటే భయం లేదు, అది తెగించి పోట్లాడేవాడి గుర్తు, ఎదురుపడి గెలిచేవాడి గుర్తు. గ్రహాలు కదల్లేదు. ఎక్కడ నిలబడి చూడాలో అది తను తప్పింది.

ఎలా తప్పింది? తన జాతకంలోనే ఉన్న నియమం, నిద్రలో లేపి అడిగినా చెప్పే నియమం. లెక్కలమ్మ కుర్చీలో కూర్చుని ఆ రోజును తవ్వి చూసుకుంది. అంతకు గంట ముందు పక్కింటావిడ కూర్చున్నది ఈ కుర్చీలోనే. కునుకు తీసిందట అన్న మాట చెవిలో ఉండగానే సుద్ద పట్టుకుంది. లెక్క ఏడులో పడగానే, పన్నెండులో శని కనబడగానే, అనుకున్నంతా అయిందిలే అనుకుంది. అనుకున్నది దొరికాక ఇంక లెక్కపెట్టేవాడెవడు, అక్కడే ఆగిపోయింది.

దర్జీ మెల్లగా, డిపోవాళ్ళ తపాలా సంచీ ఒంటిగంటకు పైఆఫీసుకు పోతుందన్నాడు. డ్రైవరమ్మ ఉద్యోగం వద్దని నిన్ననే కాగితం రాసిచ్చిందని మా ఆవిడ అంది అన్నాడు. పన్నెండు దాటింది. ఆ పిల్లని ఒక్కదాన్నే ఇంటికి పిలిపించి చెవిలో చెబితే పోదా అమ్మగారూ, పదిమందిలో ఎందుకు అని కూడా అన్నాడు. అతగాడి ఉద్దేశం మంచిదే.

లెక్కలమ్మ లేచి డస్టరు తీసుకుంది. బల్ల మీద డ్రైవరమ్మ లెక్క లేదు, తనదే ఉంది. అయినా మీనం గడిలో రాసుకున్నది తుడిచేసింది. గొడుగు తీసుకుని వానలోకి దిగింది. దర్జీ టేపు మెడలో వేసుకునే వెంట పడ్డాడు.

డిపో ఆఫీసు చిన్న గది. ఒక బల్ల, గోడకు తాళాల పలక, కిటికీ అవతల తడిసిన బస్సులు. బల్ల వెనక టైమ్‌కీపరు, పక్కింటావిడ మొగుడు, కాగితాలు సంచీలో వేస్తున్నాడు. టీ తాగుతూ నలుగురు డ్రైవర్లు, ఇద్దరు మెకానిక్కులు. డ్రైవరమ్మ మోకాళ్ళ దాకా తడిసి, రబ్బరు చెప్పులతో, చేతిలో బకెట్టుతో గుమ్మంలో ఉంది. లెక్కలమ్మను చూసి టైమ్‌కీపరు కుర్చీలోంచి లేచాడు. ఇంత వానలో మీరొచ్చారేంటమ్మా, కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా అన్నాడు.

లెక్కలమ్మ కూర్చోలేదు. బడిలో చివరి బెంచీకి వినబడేలా మాట్లాడే గొంతు ఆవిడది, అదే గొంతుతో చెప్పింది.

"ఈ అమ్మాయికి నేను వేసిన లెక్క తప్పు. ఏడులో పడితే పదో ఇంటికి జరపాలి, జరపలేదు. నేను వద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను."

గదిలో టీ గ్లాసులు ఆగాయి. ఒక మెకానిక్కు నవ్వబోయి మానుకున్నాడు. డ్రైవరమ్మ బకెట్టు కింద పెట్టింది.

"అయితే ఒప్పుకోమంటారా?"

"అనను. నీ జాతకంలో తెగింపు ఉందని లెక్క చెబుతోంది. ఏం చెయ్యాలో నువ్వు చెప్పాలి."

డ్రైవరమ్మ కొంగుకు చేతులు తుడుచుకుని బల్ల దగ్గరకొచ్చింది. నా కాగితం ఇలా ఇవ్వండి అంది. టైమ్‌కీపరు సంచీ మూతి బిగిస్తూ, ఒకసారి ఇచ్చిన కాగితం ఇవ్వకూడదని నసిగాడు. ఆమె చెయ్యి చాపే ఉంచింది.  గోడ గడియారం ఒంటిగంటకు ఏడు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆఖరికి ఆయన సంచీలో తడిమి కాగితం తీశాడు.

అందులో ఉన్నది ఒకటే వాక్యం. 'శిక్షకురాలిగా పని చేయడానికి నాకు ఇష్టం లేదు.' డ్రైవరమ్మ ఆయన జేబులోంచే పెన్ను లాగింది. 'లేదు' కొట్టేసి పైన 'ఉంది' అని రాసింది. కొట్టేసిన చోట సంతకం పెట్టింది. కాగితం తనే సంచీలో వేసి, మూతి తనే బిగించింది.

టైమ్‌కీపరు సంచీని పక్కకు నెట్టాడు. తేలిక చేద్దామని నవ్వాడు.

"బాగుందమ్మా. మీ లెక్కే తప్పితే ఇంక మాలాంటివాళ్ళం ఎవర్ని నమ్మాలి?"

లెక్కలమ్మ నోరు తెరిచింది గాని, ముందు డ్రైవరమ్మే అందుకుంది. ఆయన్ని చూసి మొదలుపెట్టి, చివరికి వచ్చేసరికి టీచరమ్మ కళ్ళల్లోకి చూసింది.

"బ్రేకు పైపు పగిలితే, కాలువలో పడెయ్యకుండా గోడకి కొట్టాను. బస్సులో నలభై ఒక్కమంది ఉన్నారు, అందరూ నడిచి ఇంటికెళ్ళారు. మూడు నెలలైంది. ఆ రోజు ఏం జరిగిందని మీరు నన్నడగలేదు, ఇంటికెళ్ళి చెప్పుకున్నారు. మీరూ అడగలేదు టీచరమ్మా, లెక్క వేశారు."