ఆరు కీర్తనల నంబర్లు

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలై మూడో వారం. బడి లేదు. మా ఆయన సైమన్ పోయి నలభై రోజులు. పెన్షన్ ఫారం ప్రింటు తీయించుకోవడానికి నిన్న తార్నాకలో నెట్ సెంటర్‌కి వెళ్లాను. తెరమీద లాటరీ సైటు ప్రకటన కనిపించింది. ఒకటి నుంచి నలభైతొమ్మిది లోపు ఆరు నంబర్లు ఎంచుకోమంది. డబ్బు అడగలేదు. నా చేతులు సైమన్ భూస్థాపన రోజు చర్చి పాటల పుస్తకంలోంచి పాడిన ఆరు కీర్తనల నంబర్లు కొట్టాయి: 4, 11, 18, 27, 36, 45. ఇరవై ఏళ్లుగా బడిలో లెక్కలు చెబుతున్నదాన్ని, అయినా కొట్టాను.

పది నిమిషాల్లో ఆ ఆరే గెలిచాయని వచ్చింది. రెండు కోట్లు. ముందుగా ప్రాసెసింగ్ ఫీజు పద్దెనిమిది వేలు ఫలానా ఖాతాలో వేయాలి.

ఇంట్లో చెబితే అత్తయ్య సుగుణమ్మ, "వాడే పంపించాడు" అంది. తెల్లారేసరికి సబ్బు రాసి చేతి గాజులు రెండూ తీసి నా ముందు పెట్టింది. తాకట్టు పెట్టమని.

గాజులు సంచిలో వేసుకుని ఇద్దరం బయల్దేరాం. యూనివర్సిటీ గేటు దగ్గర ఊరేగింపు. తాకట్టు దుకాణం మూసి ఉంది. నెట్ సెంటర్ షట్టర్ సగం ఎత్తి ఉంది. అక్కడ పనిచేసే శివకుమార్ క్యాంపస్‌లో స్టాటిస్టిక్స్ చదువుతాడు. గెలిచినట్టు వచ్చిన పేజీని నిన్నే ప్రింటు తీయించుకున్నాను, ఆ కాగితం చూపించాను.

"మేడం, మీరు టికెట్ కొన్నరా?"

"లేదు."

"కొనని టికెట్‌కు బహుమతి ఏంది? మన దగ్గర లాటరీలే బంద్."

"మా అబ్బాయి కీర్తనలయ్యా అవి," అంది అత్తయ్య.

"అమ్మా, నలభైతొమ్మిదిలో సరిగ్గా ఆరు తగలాలంటే కోటీ నలభై లక్షల్లో ఒక్క వంతు. గాడ మాత్రం పది నిమిషాల్లో తగిలింది. నేను కూడ ఆడి చూస్త, ఆగుండ్రి."

వేరే పేరుతో 1, 2, 3, 4, 5, 6 కొట్టాడు. టీ తాగేలోగా వచ్చేసింది: అతనూ గెలిచాడు. నా కాగితం పక్కన పెట్టి చూశాం. అదే డ్రా నంబరు, అదే నిన్నటి తేదీ. గెలిచిన నంబర్లు మాత్రం వేరు.

"ఒక డ్రాకు ఒకటే ఫలితం, లోకమంతకు," అన్నాడు. "గిది ఎవరేం కొడితే వాళ్లకదే చూపిస్తది. నిజం లాటరీ అయితే పన్ను బహుమతిలోనే పట్టుకుంటది. ముందు ఫీజు అడగది. లేకుంటే ఈపాటికి నేను కూడ కోటీశ్వరుణ్ణే, మేడం. టీ పైసలు మీరే ఇయ్యాలె."

అత్తయ్య నా సంచి దగ్గరికి లాక్కుని గాజులు తడిమి చూసుకుంది. నేను ఆమె ముఖం చూడలేకపోయాను.

"అయితే వాడు కాదన్నమాట."

"కాదు అత్తయ్యా."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. "బతికుండగా నా దగ్గర పది రూపాయలు తీసుకోనివాడు, పోయాక గాజులు అడిగాడేమిటా అని రాత్రంతా అదే బాధ. వాడు కాదు. చాలు."

నేను టీ డబ్బులిచ్చాను. ఇంటికొచ్చాక గాజులు ఎక్కించుకోవడానికి మళ్లీ సబ్బు అడిగింది.