నడుము మీద ఎర్రచారలు

గౌరీశ్వరి కంట్లో పడ్డాక ఏదీ దాగదని గోపాలపట్నంలో ఆ వీధి వీధంతా ఒప్పుకుంటుంది. ఎవరింటికి ఏ చుట్టం వచ్చాడో, ఎవరి గ్యాసు బండ ఎప్పుడు అయిపోయిందో ఆవిడకి తెలిసినట్టు ఆ ఇంటివాళ్లకే తెలీదు. అలాంటి మనిషి శుక్రవారం పొద్దున్న కోడలి చీర కుచ్చిళ్లు సర్దడానికి వంగి, చూడకూడనిది చూసేసింది.

లంగా బొందు పక్కన, నడుము మీద ఐదారు చారలు. వేలెడేసి పొడుగు. ఎర్రగా, నిగనిగలాడుతూ ఉన్నాయి.

ఆ చారలేమిటో గౌరీశ్వరికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవిడ పొట్ట నిండా ఉన్నాయి. కాకపోతే అవి కొడుకు శంకర్ కడుపులో ఉన్నప్పటివి, ఇరవయ్యేడేళ్లలో వెలిసిపోయి తెల్లబడ్డాయి. శంకర్ పుట్టిన ఏడాది అవీ ఇలాగే ఎర్రగా ఉండేవి. ఎరుపంటే కొత్తవి, తెలుపంటే పాతవి. ఇంతవరకూ ఆవిడ లెక్క తప్పేం కాదు.

తప్పంతా ఆ తర్వాతే. చారలుంటే కడుపు వచ్చినట్టే. ఎర్రగా ఉంటే ఈమధ్యే వచ్చినట్టు. శంకర్‌తో పెళ్లయి ఐదు నెలలు, బిందుకి ఇంతవరకూ నెల తప్పలేదు. పెళ్లికి ముందు ఎనిమిది నెలలు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసింది.

"ఓరి దేవుడో!" అనుకుంది గౌరీశ్వరి, కుచ్చిళ్లు పట్టుకునే.

కోడల్ని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతుంది కదా! సాయంత్రం దాకా కాపలా కాసింది. బిందు ఫోన్లో నవ్వితే ఎవరితోనో అనుకుంది. స్నానాల గది తలుపు గడియ పెడితే, ఏటి దాస్తందో అనుకుంది. అన్నం తక్కువ తింటే అనుమానం, ఎక్కువ తింటే మరీ అనుమానం. చీకటి పడేలోగా ఆనందపురంలో వియ్యంకుడు జగ్గారావుకి ఫోను కొట్టేసింది.

"అన్నయ్యగారూ, రేపు మధ్యాన్నం ఓపాలి రండి. మీ అమ్మాయి సంగతి మాటాడాల."

"ఏటమ్మా, ఒంట్లో బాగోలేదా?" అన్నాడాయన కంగారుగా.

"వచ్చాక సెప్తాను," అని పెట్టేసింది. పాపం, ఆ మనిషి ఆ పూట అన్నం తిన్నాడో లేదో ఆవిడకి పట్టలేదు.

శంకర్‌కి మాత్రం చెప్పలేదు. రుజువు దొరికాక చెబుదామనుకుంది. స్టీల్‌ప్లాంటులో ఈ వారం వాడికి పొద్దుటి షిఫ్టు. శనివారం వాడు డ్యూటీకి పోగానే కోడలితో, "నీకు దురదలన్నావు గదే, సర్మం డాక్టరమ్మకి సూపిద్దాం పద," అంది. ఎంత ప్రేమగా అందంటే, బిందు మొహం వెలిగిపోయింది.

డాక్టర్ చంద్రిక తెర వెనక బిందుని పరీక్షించి బయటికి వచ్చేసరికి గౌరీశ్వరి కుర్చీ అంచున కూర్చుని ఉంది.

"డాక్టరమ్మా, ఆ సారలు కొత్తవా పాతవా?"

"కొత్తవే. ఎర్రగా ఉన్నాయి కదా, ఈ కొద్ది నెలల్లో పడ్డవే."

"అదీ!" అని తొడ చరిచింది. "పెళ్లయి అయిదు నెల్లే. నెల తప్పనేలేదు. మరి కడుపు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది? మీరే నిలదియ్యండి."

తెర పక్కన చీర సర్దుకుంటున్న బిందు చెయ్యి ఆగిపోయింది. డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"చారలకీ కడుపుకీ ముడిపెట్టకండి. ఒళ్లు త్వరగా పెరిగితే వస్తాయి, ఎదిగే వయసు పిల్లలకి వస్తాయి, మగవాళ్లకీ వస్తాయి. ఈ అమ్మాయికి పొట్ట మీద ఒక్కటీ లేదు. నడుము మీద, గజ్జల్లో ఉన్నాయి. అక్కడే తామర కూడా ఉంది. అమ్మా బిందూ, దానికి ఏం రాస్తున్నావు?"

బిందు సంచిలోంచి నలిగిన ట్యూబు తీసింది. "ఇదేనండి. మూడు నెల్ల నుంచి రోజుకి రెండుసార్లు. అత్త ఇచ్చింది. ఒక్క రోజులో దురద పోద్దంది. పోద్ది గానీ, మానేత్తే మళ్లీ వత్తంది."

దాన్ని గౌరీశ్వరి ఇచ్చిన మాట నిజమే. మందుల షాపువాడు చీటీ లేకుండా ఇచ్చే ట్యూబు అది, ఇంట్లో ఉప్పుడబ్బాలా అందరిదీను.

"ఇందులో స్టిరాయిడ్ ఉంది," అంది డాక్టరమ్మ. "దురద అణుగుతుంది, తామర లోపల పాకుతూనే ఉంటుంది. పైగా చర్మం పల్చబడి ఇలా చారలు పడతాయి. ఇంట్లో ఇంకెవరికైనా దురదలున్నాయా?"

గౌరీశ్వరి కొంగు సర్దుకుంది.

"అత్తకుంది," అంది బిందు నెమ్మదిగా. "రెండేళ్ల బట్టీ రాసుకుంతందండి."

ఇక తప్పలేదు. గౌరీశ్వరి తెర వెనక్కి వెళ్లింది. డాక్టరమ్మ అద్దం తెచ్చి పట్టుకుంది. పొట్ట మీద శంకర్ నాటి తెల్ల గీతలు. కింద తొడల లోపల, గజ్జల్లో, బిందుకున్నట్టే ఎర్రగా నిగనిగలాడే చారలు. ఊరందరి గుట్టూ చూసే కన్ను తన ఒంటిని చూసుకోలేదు.

"రెండు రకాలూ మీకే ఉన్నాయి," అంది డాక్టరమ్మ. "ఎరుపు ముదిరితే తెలుపవుతుంది. ఎర్రగా ఉన్నప్పుడే వైద్యం కాస్త బాగా పనిచేస్తుంది."

తెర ఇవతల నుంచి బిందు గొంతు వినిపించింది. "అయితే అత్తా, మీకెన్నో నెల?"

సిగ్గుతో గౌరీశ్వరికి చచ్చినంత పనైంది.

డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. ఆ ట్యూబు ఇవాళే మానెయ్యాలి. మానిన కొత్తలో దురద ఎక్కువవుతుంది, భయపడి మళ్లీ రాయకూడదు. తామరకి మాత్రలూ పూతమందూ చెప్పినన్ని వారాలు వాడాలి. ఎవరి తువ్వాలు వారిదే, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో వెయ్యాలి. చారల సంగతి తామర తగ్గాకే. అప్పటికీ ఎర్రగా ఉంటే ఒక క్రీము ఇవ్వచ్చు, కడుపుతో ఉన్నా, పిల్లల కోసం చూస్తున్నా అది వాడకూడదు. లేజరుతో ఎరుపు తగ్గించవచ్చు. ఏమీ చెయ్యకపోయినా ఏడాదికో అంతకు కొంచెం ఎక్కువకో వాటంతటవే పాలిపోతాయి.

"తెల్లవాటికి కొబ్బరినూనె రుద్దితే పోవా?" అని గొణిగింది గౌరీశ్వరి. నోరు ఊరుకోదు కదా!

"చర్మం మెత్తబడుతుంది, చారలు పోవు. సన్నటి సూదులతో చర్మాన్ని గుచ్చే వైద్యంతోనో లేజరుతోనో కొంత తగ్గుతాయి. పూర్తిగా చెరిపేసే మందు ఎవరి దగ్గరా లేదమ్మా."

ఇంటికొచ్చేసరికి జగ్గారావు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో కూరగాయల సంచి అలాగే ఉంది.

"నాన్నా, నువ్వెందుకొచ్చావు?"

"మీ అత్త రమ్మన్నాదమ్మా. ఏటయిందో సెప్పలేదు. నాను అడలిపోయాను."

బిందు అత్తవైపు తిరిగింది. "పిలిచిందెందుకో మీరే సెప్పండి. నా ఎదురుగా."

గౌరీశ్వరి తప్పించుకుందామని చూసింది, దారి లేదు. గడపకి ఆనుకుని, తల వంచుకుని, మొత్తం చెప్పింది. చూసిందీ, అనుకుందీ, డాక్టరమ్మ ముందు అన్నదీ, చివరికి తేలిందీ. జగ్గారావు అరవలేదు. అరిచినా బాగుండేది. తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, "ఉంటావా, వత్తావా?" అని కూతుర్ని అడిగాడు.

"వత్తాను నాన్నా."

"తప్పయిపోయిందే బిందూ," అంది గౌరీశ్వరి, కోడలి చెయ్యి పట్టుకుని.

బిందు చెయ్యి విడిపించుకుంది. "నిన్న సారలు సూడగానే నన్నడిగుంటే అప్పుడే ట్యూబు తెచ్చి మీ సేతిలో పెట్టీదాన్ని. మీరు నన్ను తప్ప అందర్నీ అడిగారు." నాలుగు చీరలు సర్దుకుంది. మాత్రలు రెండు వాటాలు చేసి, ఒకటి అత్త కోసం బల్ల మీద పెట్టి, తండ్రి వెనక నడిచింది.

మూడింటికి శంకర్ డ్యూటీ దిగి వచ్చాడు. బూట్లు విప్పుతూనే లోపలికి తొంగిచూశాడు.

"అమ్మా, బిందు ఏది?"

చెప్పడానికి ఆ ఇంట్లో ఆవిడ తప్ప ఇంకెవరూ లేరు.