మార్పు లేదన్న కాగితం

ఛాతీ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆవిడను రోగులంతా ఎక్స్‌రే అక్క అనే పిలుస్తారు. పంతొమ్మిదేళ్లుగా జనం ఊపిరితిత్తులు చూసిన కళ్లు ఆమెవి. ఆ రోజు కూడా కళ్లు సరిగ్గానే చూశాయి. నోరే పెగల్లేదు.

వచ్చినవాడు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. తొమ్మిదేళ్ల కిందట టీబీ వచ్చి, ఆరు నెలలు మందులు మింగి బాగయ్యాడు. ఇప్పుడు నెలన్నరగా మళ్లీ దగ్గు. ఊపిరితిత్తులు బాగున్నాయని కాగితం తెస్తేనే పనిలోకి రానిస్తానని మేనేజరు గేటు దగ్గరే ఆపేశాడు.

"అక్కా, ఇవి పాత మచ్చలేనని రాయించవూ, నీకు పుణ్యముంటుంది," అన్నాడు ఛాతీ పలకకు ఆనించి.

"రాసేది నేనా నాయనా? ఊపిరి బిగబట్టు. అప్పటి ఫిల్ము తెచ్చావా?"

"ఇంట్లో బీరువా మీదుంది. రెండు బస్సులు మారాలక్కా."

ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టి చూసింది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో పాత మచ్చలున్నాయి, నిజమే. గీసినట్టు సన్నటి తెల్ల గీతలు, ఇసుక రేణువుల్లా గట్టి చుక్కలు. మానిన పుండు బిగుసుకుని పక్కనున్న వాటిని కాస్త పైకి లాక్కుంది. అవి ఎవరికీ హాని చెయ్యవు. కానీ ఎడమ పక్క, మెడకూ భుజానికీ మధ్యనుండే ఎముక కింద వేరేదేదో ఉంది. గుండ్రంగా, మందంగా తెల్లటి అంచు, మధ్యలో నల్లగా ఖాళీ, చుట్టూ పొగ పట్టినట్టు మసక. సగం ఎముక చాటున దాగింది. మనిషిని వెనక్కి వాల్చి ఇంకొకటి తీస్తే ఎముక పైకి జరిగి మొత్తం బయటపడేది.

డాక్టరు దగ్గరికి వెళ్లింది. బయట వరండాలో ఎనభై మంది.

"సార్, ఎడమ పక్క ఉంగరంలా ఉంది. గుల్ల పడిందేమో. వాల్చి ఇంకొకటి తియ్యమంటారా?"

డాక్టరు తలెత్తలేదు. "ఇదివరకు టీబీ వచ్చినవాడేగా? మచ్చలుండక మల్లెపూలుంటాయా? నువ్వు ఫొటోలు తియ్యమ్మా, చదవడం నాకొదిలెయ్."

గదిలో నలుగురూ నవ్వారు. అక్క మొహం మాడిపోయింది. కఫం పరీక్ష రాయమందామనుకుంది. అనలేదు. డాక్టరు రాసి పారేశాడు: "పాత మానిన మచ్చలు. మార్పు లేదు."

దేనితో పోల్చి మార్పు లేదు? పాత ఫిల్ము బీరువా మీద దుమ్ము కొట్టుకుంటుంటే పక్కన పెట్టి చూసిందెవరు? ఒకసారి టీబీ వచ్చినవాడి ఛాతీలో ఏం కనబడినా పాతదేనట! చదవడానికి బద్ధకమేసినవాళ్లు కనిపెట్టిన మాట అది. అక్కకు అదీ తెలుసు. తెలిసీ కాగితం వాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని కళ్లకద్దుకుని వెళ్లాడు.

మూడు నెలలకు తిరిగొచ్చాడు. చొక్కా హ్యాంగరుకు తగిలించినట్టుంది. దగ్గితే రక్తం. ఈసారి పాత ఫిల్ము భార్య చేత బీరువా మీంచి దింపించుకుని తెచ్చాడు.

తొమ్మిదేళ్ల కిందటిదీ, మూడు నెలల కిందటిదీ, ఇప్పుడు తీసిందీ వరసగా పెట్టింది అక్క. కుడి పక్క గీతలూ చుక్కలూ తొమ్మిదేళ్లుగా ఇంచు కదల్లేదు. ఎడమ పక్క మొదటి దాంట్లో శుభ్రంగా ఉంది. రెండో దాంట్లో ఉంగరం. మూడో దాంట్లో అది నిమ్మకాయంత. కఫంలో క్రిములు బయటపడ్డాయి.

"అప్పుడింత స్పష్టంగా లేదు కదా," అని డాక్టరు నసిగాడు.

"ఉంది సార్. ఒక్కసారి చెప్పాను. మళ్లీ చెప్పాల్సింది."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

వరండా చివర, గాలి ఆడే చోట మాస్టరు కూర్చున్నాడు. అక్క మాస్కు సరిచేసుకుని ఎదురుగా కూర్చుంది. "ఆ రోజే నాకు కనబడింది తమ్ముడూ. గట్టిగా అనలేకపోయాను."

"నేనే కదక్కా బతిమాలింది. నువ్వు వేరే మాట చెప్పుంటే నిన్నే తిట్టుకునేవాణ్ణి."

"తిట్టుకుంటే తిట్టుకునేవాడివి. మందులన్నా మొదలయ్యేవి."

వాడు తిట్టుంటేనే ఆమెకు కాస్త తేలికయ్యేది.

"మూడు నెలలు ఎవరి పక్కన పని చేశావో చెప్పు. అందర్నీ పరీక్ష చెయ్యాలి."

వాళ్లు పని చేసేది కిటికీలు మేకులు కొట్టేసిన గదిలో. వాడు వేళ్లు మడిచి చెప్పాడు, ఆమె రాసుకుంది. ఇస్త్రీ తాత. ఇద్దరు కాలర్లవాళ్లు. గుండీల వదిన. పది మంది లెక్క తేలాక ఆగాడు.

"కాజాలు కుట్టే అమ్మాయి... నా బల్లకు ఆనుకునే దాని మిషను. పదిహేను రోజుల కిందట దగ్గుతోందని మేనేజరు పంపించేశాడు."

"ఏ ఊరు?"

"తెలీదక్కా."

"ఫోను నెంబరు?"

వాడు తల అడ్డంగా ఊపాడు. అక్క కాగితం మీద "కాజాల అమ్మాయి" అని రాసి, పక్కన ఏం రాయాలో తోచక కలం పట్టుకుని అలాగే కూర్చుంది.