వలలో బుట్ట సందు

అడిగింది అడిగినట్టు చేసి ఇవ్వడమేనా పనితనం?

ఫోను రాగానే బయల్దేరి వచ్చి, సూర్యాపేటలో ఆ అపార్ట్‌మెంట్ ముందు బండి ఆపి, తలెత్తి ఐదో అంతస్తు వైపు చూసినప్పుడు ధన్‌సింగ్ తనకు తాను వేసుకున్న ప్రశ్న అది. జవాబు వెతకడానికి వ్యవధి లేదు. నాలుగో అంతస్తు కిటికీ మీది సజ్జపై, రెండు మూరల సిమెంటు పలక మీద, ఎర్రటి పిల్లి ఒకటి గోడకు అతుక్కుని కూర్చుని ఉంది. దాని పేరు అల్లం. దానికి ఆరడుగుల పైన, ఐదో అంతస్తు బాల్కనీ వలలో, అది బయటికి వచ్చిన సందు ఉంది. ఆ సందును నెల కిందట అతడు తన చేతులతో తానే పెట్టాడు.

తుంగతుర్తి దగ్గరి తండాలో పుట్టిన ధన్‌సింగ్‌కు పదేళ్లుగా అపార్ట్‌మెంట్ బాల్కనీలకు వలలు బిగించడమే పని. సూర్యాపేటలో మొదలుపెట్టి, కోదాడ, మిర్యాలగూడ దాకా బండి మీద డ్రిల్లు మిషన్ కట్టుకుని తిరుగుతాడు. తొమ్మిదేళ్లు పావురాల కోసమే వలలు కట్టాడు. పిల్లుల కోసం పిలవడం నిరుడు మొదలైంది.

కింద వాచ్‌మన్ మల్సూర్ దుప్పటి ఒకటి పరచి, మరో ముగ్గురి చేత అంచులు పట్టించి, పైకి చూస్తూ కేకలు వేస్తున్నాడు.

"దూకు, అల్లం! దూకే! మేం పట్టుకుంటం!"

"ఎందుకు దూకమంటున్నవన్నా?" అన్నాడు ధన్‌సింగ్.

"పిల్లి గదా తమ్మీ. యాడికెళ్లి పడ్డా కాళ్ల మీదనే పడ్తది."

"కాళ్ల మీద పడ్తది, కాళ్లు ఇరగ్గొట్టుకుంటది. దవడ పగులుతది. నువ్వు అరుస్తె ఇంకింత అవతలికి జరుగుతది గాని దగ్గరికి రాదు. దుప్పటి పట్టుకోని సప్పుడు చేయకుండ నిలబడు, చాలు."

తోపుడు బండి మీద కూరగాయలు అమ్మే సాలి అప్పటికే గుంపును వెనక్కి నెడుతోంది. ఆమె ధన్‌సింగ్ భార్యకు మేనత్త. అందుకే అతడిని మందలించే హక్కు తనకుందని నమ్ముతుంది.

"వచ్చినవా అల్లుడా! పిట్ట దూరని వల కట్టిన అని ఊరంత చెప్పుకుంటివి. పిల్లి దూరింది సూడు!"

"సందు నీ కోసమే పెట్టిన అత్తా," అని మెట్లెక్కాడు. లిఫ్టు ఎప్పటిలాగే పనిచేయడం లేదు.

ఐదో అంతస్తులో తలుపు తీసిన జానమ్మ ప్రభుత్వ దవాఖానలో ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేసిన మనిషి. అతన్ని లోపలికి రానిస్తూనే చెప్పుకొచ్చింది.

"నాదే తప్పు బిడ్డా. సాలి దగ్గర టమాటలు తీసుకోని బుట్ట పైకి గుంజిన. గంతల్నే చర్చోళ్ల ఫోనొచ్చింది. సందు కొక్కెం పెట్టుడు మర్సిన. సజ్జ మీద పావురం వాలింది. ఇది చూసింది... ఇగ చూడు."

"తప్పు సంగతి తర్వాత చూద్దాం సిస్టరమ్మా. టమాటలు యాడున్నయి?"

"టమాటలెందుకు?"

"బుట్ట కావాలె."

నెల కిందట ఇదే బాల్కనీలో నడిచిన వాదన అతనికి గుర్తుంది. పిల్లి కొరికినా తెగని మందపు దారం వల తెచ్చాడు. మూడు సెంటీమీటర్ల కన్ను. పిల్లి తల అందులో పట్టదు. పిట్టగోడ అంచున, రెండు పక్కల గోడలకు, పైకప్పుకు జానెడు దూరానికొక కొక్కెం చొప్పున దిగగొట్టి, వాటి గుండా స్టీలు తీగ లాగి, తీగకు వలను కన్ను కన్నుకూ కుట్టాడు. చివరి మూలకు వచ్చేసరికి జానమ్మ అడ్డుపడింది. మోకాళ్ల నొప్పులతో ఐదంతస్తులు దిగలేదు. రోజూ పొద్దున బుట్ట దించి, సాలితో పది నిమిషాలు బేరమాడి, ఇంటింటి కబురూ తెలుసుకుని, బుట్ట పైకి లాక్కోవడం ఆమెకు కాఫీ లాంటిది. బుట్ట పట్టేంత సందు ఉంచమంది. ఉంచాడు. దాన్ని మూసే వల రెక్కకు ఒక కొక్కెం పెట్టి, "మర్వకండ్రి" అన్నాడు.

పావురాల వలలో అలాంటి సందు పెద్ద విషయం కాదు. పావురం బయటి నుంచి లోపలికి రావాలనుకుంటుంది. దారి సులువుగా లేకపోతే పక్క బాల్కనీ చూసుకుంటుంది. పిల్లి అలా కాదు. అది లోపల ఉంటుంది, దానికి రోజంతా తీరికే. మూల మూలా మూతితో తడిమి చూస్తుంది. తొమ్మిదేళ్ల అలవాటుతో తాను కట్టింది పావురాలను ఆపే వల. దారం మాత్రమే మారింది. ఈ సంగతి ఇప్పుడు, నోట్లో తాడు కరచుకుని, బుట్ట అంచు చుట్టూ వల ముక్క అల్లుతున్నప్పుడు అతనికి తట్టింది.

వెదురు బుట్ట అది. కూరగాయలు తీసేశాక మిగతా రోజంతా అల్లం పడక. అందులో దాని తువ్వాలు పరచి, పైన రెండు ఎండు చేపలు పెట్టాడు. అంచున అల్లిన వల కన్నుల గుండా సన్నని తాడు ఒకటి పోనిచ్చాడు. ఆ తాడు లాగితే బుట్ట మూతి సంచిలా ముడుచుకుంటుంది. నడుముకు బెల్టు కట్టుకుని, దాని తాడును హాలు కిటికీ ఇనుప గ్రిల్లుకు బిగించి, సందులోంచి బుట్ట దించాడు.

బుట్ట సజ్జ మీద ఆనింది. పిల్లి చూడలేదు.

"పిలవాల్నా?" అంది జానమ్మ గుసగుసగా.

"రోజు పిలుస్తె వస్తదా?"

"పిలుస్తె ఏనాడు రాలే. బుట్ట దించంగనే సాలి అరుస్తది గదా, గప్పుడు ఉరికొస్తది."

ధన్‌సింగ్ కిందికి చూశాడు. "అత్తా! జర నీ కూరగాయల కేక వెయ్యి. రోజూ ఎట్ల వేస్తవో గట్లనే."

"గిప్పుడా?"

"గిప్పుడే."

సాలి గొంతు సవరించుకుంది. గుంపులో ఎవరో నవ్వారు. ఆమె వాళ్ల వైపు ఒక చూపు చూసి, తలెత్తి, రాగం తీసింది.

"ఏం సిస్టరమ్మో! బెండకాయ! బీరకాయ! లేత సొరకాయ! బుట్ట దించమ్మో!"

అల్లం చెవులు నిలబడ్డాయి. గోడ నుంచి ఒక అంగుళం కదిలింది. ఎండు చేప వాసన అప్పుడు తగిలినట్టుంది. ముందు కాలు ఒకటి బుట్టలో పెట్టింది, తువ్వాలు వాసన చూసింది. తర్వాత, లోకంలో తనకు తెలిసిన ఒకే ఒక స్థలంలోకి వెళ్తున్నట్టు, మొత్తంగా లోపలికి ఒదిగి కూర్చుంది. ధన్‌సింగ్ సన్నని తాడు లాగాడు. మూతి ముడుచుకుంది. పిల్లి ఒక్కసారి గట్టిగా అరిచింది. అప్పటికే బుట్ట గాలిలో పైకి వస్తోంది. ఒక మూర, రెండు మూరలు, నాలుగు మూరలు, సందు, పిట్టగోడ, జానమ్మ ఒడి.

కింద పెళ్లి బ్యాండు లాంటి గోల. మల్సూర్ దుప్పటిని పైకి ఎగరేశాడు. అది అతని తల మీదే పడింది.

"మీ పిల్లిని కిలో ఎంతకిస్తరు సిస్టరమ్మా?" అని అరిచింది సాలి.

"దీన్ని తూసే కాంట నీ దగ్గర లేదు పో!" అని అరిచింది జానమ్మ. ఏడుస్తూ నవ్వుతోంది. అల్లం మాత్రం చేప తింటోంది.

ధన్‌సింగ్ కూర్చోలేదు. సందు దగ్గర నిలబడి దాన్ని చూస్తున్నాడు. కొక్కెం మరచింది ఆమే. అది నిజం. ఆ నిజం వెనక దాక్కోవడం తేలిక. కానీ మరపు మనిషి స్వభావం. ఫోను మోగుతుంది, పాలు పొంగుతాయి, ఎవరో తలుపు తడతారు. మనిషి ఎన్నడూ మరవకపోతేనే నిలిచే వల, వల కాదు. అది ఒక సలహా. సలహాకు కొక్కేలు ఎందుకు?

సంచిలోంచి సూది, దారం తీసి సందును కుట్టడం మొదలుపెట్టాడు.

జానమ్మ అల్లం వీపు నిమిరింది. సూది వైపు చూస్తూ అంది. "మంచి పనే బిడ్డా. ఇగ సాలి మొకం సూసుడు ఖతమైనట్టే."

సూది ఆగింది. ఆమె అడిగిన సందు కూరగాయల కోసం కాదని అతనికి అప్పుడు అర్థమైంది. ఒకరి ప్రాణం కాపాడడానికి ఇంకొకరి ఉదయాన్ని మూసేయాలా? బాల్కనీ మూల వైపు చూశాడు. మనిషి ఒకరు నిలబడేంత జాగా.

"సిస్టరమ్మా, ఈ మూలకు ఇనుప పైపులతోని చట్రం నిలబెడ్త. చుట్టూ, పైన స్టీలు జాలి. దానికొక తలుపు, మీరు చెయ్యి ఇడువంగనే తనంతట తనే మూసుకునే స్ప్రింగు తలుపు. మీరు లోపలికి పోతరు. ఎనుక తలుపు పడ్తది. అల్లం జాలికి ఇవతల ఉండిపోతది. గప్పుడు ముందటి సందు తీసి బుట్ట దించుకోండ్రి. రెండు తలుపులు. ఒకటి మర్సినా ఇంకోటి ఉంటది."

జానమ్మ ఊహించుకుంది. ముఖం వెలిగింది. "ఎన్కటి ఎస్టీడీ బూతు లెక్క!"

"గంతే. బిల్లు రాదు."

"సాలీ!" అని వలలోంచే కేకేసింది ఆమె. "నీతోని మాట్లాడనీకె నాకు బూతు కడ్తుండు మీ అల్లుడు!"

"బిల్లెవరు కడ్తరు?" అంది సాలి.

బూతు కట్టేదాకా ఆగేలా కుట్టు ముగించి, పిడికిలితో నాలుగు వైపులా నెట్టి చూశాడు. ఆ చేత్తోనే వంటగదిలోకి వెళ్లాడు. కిటికీకి దోమల జాలి ఉంది కనుక భయం లేదని జానమ్మ ధీమా. ఆమె కళ్ల ముందే అరచేత్తో నెట్టాడు. జాలి రెక్క గాడిలో జారి పక్కకు పోయింది. వెనక గ్రిల్లు కడ్డీల మధ్య అతని పిడికిలి హాయిగా దూరింది.

"దోమకు చాలు. పిల్లి తల పట్టిన కాడ ఒళ్లు కూడ పడ్తది. ఈ గ్రిల్లుకు లోపలి నుంచి స్టీలు జాలి బిగిస్త. గప్పటిదాక అద్దం తెరవకండ్రి."

"ఇన్నేండ్లు రోగుల మంచాలకు అడ్డం కడ్డీలు నేనే పెట్టిన," అంది జానమ్మ. "పడరు అనుకున్నోళ్లే పడ్డరు. నాకు తెల్వాల్సింది బిడ్డా."

"నాకు తెల్వాల్సింది," అన్నాడు ధన్‌సింగ్.

జానమ్మ టీ ఇచ్చింది. అల్లం వచ్చి అతని మోకాలికి వీపు రుద్దుకుని, కుట్టిన మూల దగ్గరికి పోయి, మూతి పెట్టి నెట్టి చూసింది. కదలలేదు. మళ్లీ నెట్టింది. తర్వాత వలకు ఆనుకుని పడుకుని, ఎండలో కళ్లు మూసుకుంది. వలకు అవతల సజ్జ మీద పావురం మళ్లీ వాలింది. ఇద్దరికీ మధ్య మూడు సెంటీమీటర్ల కన్ను. ఇద్దరూ హాయిగా ఉన్నారు.

ధన్‌సింగ్ టీ గ్లాసు సగంలో దించాడు. నిరుటి నుంచి పిల్లుల కోసం తాను కట్టిన వలలు ఎన్ని? పదకొండు. అందులో బుట్ట సందు పెట్టినవి? ఇది కాక, కోదాడలో నాలుగో అంతస్తున ఒకటి. మిర్యాలగూడలో ఆరో అంతస్తున ఒకటి. అక్కడా "మర్వకండ్రి" అన్నాడు. అక్కడా ఫోన్లు మోగుతాయి.

అక్కడి నుంచి ఎవరూ పిలవలేదు, ఎవరూ తప్పు పట్టలేదు. వాళ్లు అడిగినట్టే చేసి ఇచ్చాడు. పొద్దుటి ప్రశ్నకు జవాబు అతనికి దొరికింది. అడిగింది చేయడం పనితనంలో సగం. అడగడం తెలియని ప్రాణి తరఫున ఆలోచించడం మిగతా సగం.

ఫోను తీశాడు.

"కరుణమ్మా, ధన్‌సింగ్‌ను. వలలు కట్టే ధన్‌సింగ్‌ను. మీ పిల్లి యాడుంది?"

కోదాడలో కరుణ నవ్వింది. "బాల్కనీలోనే ఉందండీ, ఎండలో పడుకుంది. ఏం, దాంతో మాట్లాడతారా?"

"ముందుగాల దాన్ని లోపలికి తీస్కోని బాల్కనీ తలుపు పెట్టుండ్రి. బుట్ట సందు తీయకండ్రి. నేనొస్తున్న, కుట్టి పోత. పైసల్లేవు, అది నేను మిగిల్చిన పనే."

మెట్లు దిగుతూనే మిర్యాలగూడకూ ఫోను చేసి అదే మాట చెప్పాడు. సాలి బండి మీద నుంచి ఒక కీర దోసకాయ తీసి అతని చేతిలో పెట్టింది.

"యాడికి అల్లుడా గంత ఆగమాగం?"

"కోదాడకు."

"పనా?"

"పనే అత్తా. పాత పని."

దోసకాయ కొరికి, వల చుట్టను సీటు వెనక తాడుతో బిగించి, బండి స్టార్ట్ చేశాడు.