ఎక్కువ వచ్చిందని అర్జీ

పింఛను తక్కువ వచ్చిందని ఏడ్చేవాళ్ళను చాలామందిని చూశాను. ఎక్కువ వచ్చిందని అన్నం సహించక కంచం ముందు నుంచి లేచిపోయిన మనిషిని మాత్రం మా ఇంట్లోనే చూశాను. ఆవిడే నా భార్య. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. నేను దర్జీని. నాకు రిటైర్మెంటూ లేదు, పింఛనూ లేదు. కళ్ళు కనిపించినన్నాళ్ళు సూదిలో దారం ఎక్కించడమే.

మా ఆవిడ లెక్క ప్రకారం నెలకు ఇరవై ఎనిమిది వేలు రావాలి. బ్యాంకులో ముప్పై వేలు పడ్డాయి. నేనైతే మిఠాయి కొని పంచేవాణ్ణి. ఆవిడ పాసుపుస్తకం నా మిషను మీద పెట్టి, "ఇది మనది కాదండీ" అంది.

"బ్యాంకువాడు మన పేరు మీద వేస్తే మనది కాక పక్కింటివాళ్ళదా?"

"పొరపాటున వేస్తే మనదెలా అవుతుంది? మా హెడ్ నర్సు సంగతి మరిచిపోయారా?"

మరిచిపోతే కదా! ఆ హెడ్ నర్సు నాలుగేళ్ళు హాయిగా పింఛను తీసుకున్నాక, మీకు పొరపాటున ఎక్కువ ఇచ్చాం, తిరిగి రాబట్టుకుంటున్నాం అని కాగితం వచ్చింది. అప్పటినుంచి నెలనెలా కోతే. పాపం, ఆవిడ మందులు కూడా లెక్క చూసుకుని కొంటోంది. ఆ కథ ఆసుపత్రిలో తెలియనివాళ్ళు లేరు.

మా ఆవిడ అనుమానానికి ఓ కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట, ఛాతీ వార్డులో పనిచేస్తూ ఆ వార్డు జబ్బే, క్షయ, అంటించుకుంది. మామూలు మందులకు లొంగని రకం. రెండేళ్ళు మంచాన పడింది. సెలవులన్నీ అప్పటికే అయిపోయాయి కాబట్టి జీతం లేని సెలవు పెట్టాల్సి వచ్చింది. జీతం లేని సెలవు పింఛను లెక్కలోకి రాదన్నది ఆసుపత్రిలో అందరూ వల్లె వేసే మాట. చేరిన రోజు నుంచి దిగిన రోజు దాకా ముప్పై ఏళ్ళు. రెండు తీసేస్తే ఇరవై ఎనిమిది. మరి ముప్పైకి ఎలా ఇచ్చారు?

మామూలుగా అయితే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. కానీ ఇంటి అప్పు ఇంకా మూడేళ్ళుంది. ముప్పై వేలూ నిజమైతే, నా కుట్టుకూలితో కలిపి ఎలాగో గట్టెక్కుతాం. కాకపోతే రేపు కోత పడ్డ రోజున ఇద్దరం నెత్తిన చెయ్యి పెట్టుకోవాలి. అందుకని ఆవిడ ఓ నిర్ణయానికొచ్చింది. వీధి చివరి ప్రైవేటు క్లినిక్కులో రాత్రి డ్యూటీకి నర్సు కావాలట. వచ్చే నెలాఖరుకల్లా అవునో కాదో చెప్పమన్నారట. "చేరిపోతానండీ. వాళ్ళు ఎప్పుడు కోసినా మనకు భయం ఉండదు" అంది.

నాకు ఒళ్ళు మండింది. పెళ్ళయినప్పటినుంచి ఈవిడ రాత్రి డ్యూటీల పుణ్యమా అని నేను సగం జీవితం దిండుతో కబుర్లు చెప్పాను. రిటైరయ్యాక కూడా అదేనా? ఆవిడ మోకాళ్ళు మెట్లెక్కేటప్పుడు చేసే చప్పుడు నాకు వినిపిస్తుంది. రాత్రంతా నిలబడే ఓపిక ఒంట్లో ఇప్పుడు లేదు. ఆ మాట ఆవిడ ఒప్పుకోదు.

"క్లినిక్కు సంగతి తర్వాత. ముందు ఆ పింఛనాఫీసుని అడుగు. ఎలా లెక్క వేశారో రాసిమ్మను" అన్నాను.

అప్పుడే వచ్చిన మా బావమరిది కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "బావా, నీకేమైనా పిచ్చా? వచ్చిన డబ్బు ఎక్కువైందని వెళ్ళి చెప్పుకుంటారా ఎవరైనా? అక్కా, కొరివితో తల గోక్కోకు!"

"ఎప్పుడో తగలబెట్టుకునే బదులు ఇప్పుడే గోక్కుంటే నయంరా తమ్ముడూ" అంది ఆవిడ. వెంటనే కాగితం తీసింది.

మొదటి ఉత్తరానికి జవాబు మూడు వారాలకు వచ్చింది. "మీ పింఛను నిబంధనల ప్రకారమే నిర్ణయించబడింది." అంతే. దానికింద పెద్ద సంతకం. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, "జ్వరం ఎంతుందంటే, థర్మామీటరు చెప్పినంతే ఉందన్నట్టుంది" అంది. రెండో ఉత్తరం రాసింది. ఈసారి జారిపోవడానికి సందు ఇవ్వలేదు.

"అయ్యా, నాకు పింఛను తక్కువైందని నేను రాయడం లేదు. నా లెక్కకంటే ఎక్కువ వచ్చింది. ఏ జీతాన్ని ఆధారంగా తీసుకున్నారో, ఎంత సర్వీసు లెక్కించారో, ఏ కాలాన్ని వదిలేశారో, దేన్ని దేనితో హెచ్చించి దేనితో భాగించారో కాగితం మీద చూపించి, సంతకం చేసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. పొరపాటైతే ఇప్పుడే సరిచేయండి. నాకు హక్కున్నదైతే అదీ రాసివ్వండి. నిశ్చింతగా ఖర్చుపెట్టుకుంటాను."

పదిరోజుల్లో ఫోనొచ్చింది. గుర్తింపు కార్డు తీసుకుని రమ్మన్నారు. నేను కొట్టుకు తాళం వేసి వెంట వెళ్ళాను.

పింఛనాఫీసు రెండో అంతస్తులో ఉంది. బీరువాల మీద ఫైళ్ళు, ఫైళ్ళ మీద దుమ్ము, దుమ్ము మీద తిరిగీ తిరగని ఫ్యాను. మా ఫైలు చూసే గుమస్తా ఓ నడివయసావిడ. ముక్కు చివర కళ్ళజోడు. ఉత్తరం చేతిలో పట్టుకుని మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఇది రాసింది మీరేనామ్మా? ఈ సీట్లో కూర్చున్నాక ఎక్కువ వచ్చిందని రాసినవాళ్ళు మీరొక్కరే. మొదటిసారి చదివి, తక్కువ అనబోయి ఎక్కువ అని రాశారేమో అనుకున్నా. సెక్షనంతా చదివించాను."

పక్క బల్లల వాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. సంతలో వింత బొమ్మను చూసినట్టు మా ఆవిడనే చూస్తున్నారు.

"మొత్తం మళ్ళీ చూస్తాను. పొరపాటుంటే మాత్రం తగ్గించక తప్పదు. ఫర్వాలేదా?" అంది గుమస్తా.

ఇంటి అప్పు ఇంకా మూడేళ్ళుందని నాకు గుర్తొచ్చింది. ఆవిడ మాత్రం, "చూడండమ్మా" అంది.

గుమస్తా తెల్లకాగితం తీసి, పైన మా ఆవిడ పింఛను నంబరు రాసి, వివరంగా చెబుతూ రాయడం మొదలుపెట్టింది. "ఆఖరి మూలవేతనం అరవై ఆరు వేలు. మీ రూల్సులో పూర్తి సర్వీసు ముప్పై మూడేళ్ళు. అంత చేస్తే వేతనంలో సగం, అంటే ముప్పై మూడు వేలు. తక్కువ చేస్తే ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. మీ విషయంలో లెక్క భలే తేలిక, ఏడాదికి వెయ్యి. ఇప్పుడు సర్వీసు ఎంతో చూద్దాం."

"ఇరవై ఎనిమిది" అంది మా ఆవిడ.

"తొందరపడకండి." ఆసుపత్రి నుంచి వచ్చిన సర్వీసు పుస్తకం తెరిచింది. ఒక్కో పేజీ తిప్పుతోంది. ఒకచోట ఆగింది. వేలితో కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూసింది. "జీతం లేని సెలవు రెండేళ్ళు."

"అదేనమ్మా. అది తీసెయ్యాలిగా?"

"ఊరికే పెట్టిన సెలవైతే తీసేస్తాం. ఇది డాక్టరు సర్టిఫికెట్ మీద పెట్టింది. జబ్బు చేసి, సర్టిఫికెట్ ఇచ్చి పెట్టిన సెలవు, జీతం లేకపోయినా సర్వీసులోకి వస్తుంది. మధ్యలో ఒక్క సర్టిఫికెట్ లేకపోయినా ఆ ముక్క మాత్రం పోయేది. మీకు ఒక్కటీ పోలేదు. మూడు నెలలకోటి, అన్నీ వరసగా ఉన్నాయి. ముప్పై ఏళ్ళు, ముప్పై వేలు. మీ పింఛను సరైనదే."

మా ఆవిడ పుస్తకంలోకి తొంగి చూసింది. "నేను ఏ సర్టిఫికెట్టూ ఇవ్వలేదే. నాకు లేచి కూర్చునే ఓపిక కూడా లేదప్పుడు" అంది.

గుమస్తా పుస్తకం వెనక కుట్టిన సర్టిఫికెట్ల నకళ్ళలో ఒకటి చూసి, "తెచ్చి ఇచ్చినవారు, భర్త" అని చదివింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆసుపత్రి ఆఫీసులో ఓ హెడ్ గుమస్తా ఉండేవాడు. ముక్కోపి. మూడు నెలలకోసారి నన్ను కాళ్ళరిగేలా తిప్పేవాడు. తేదీ కలవలేదంటాడు, సీలు సరిగ్గా పడలేదంటాడు. నేనాయన్ని తిట్టని తిట్టు లేదు. ఉద్యోగం ఊడకుండా ఉండటానికే ఆ కాగితాలనుకున్నాను. పింఛను ఊసే నాకు తెలియదు. ఇప్పుడాయన ఎదురుగా ఉంటే జీవితాంతం కూలి లేకుండా చొక్కాలు కుట్టి పెట్టేవాణ్ణి.

గుమస్తా చదువుతూనే ఉంది. "ప్రతి దాంట్లోనూ పెద్ద డాక్టరు సంతకం పైన ఒక వాక్యం ఉందమ్మా. కోలుకుని తిరిగి విధుల్లో చేరే అవకాశం ఉన్నది, అని. అది లేకపోతే సెలవు మంజూరు చేసేవాళ్ళు కాదు."

లెక్క కాగితం ఆఫీసరు దగ్గరకు వెళ్ళి, సంతకం, సీలు పడి వచ్చింది. సెక్షనంతా లేచి మా ఆవిడకు అభినందనలు చెప్పారు. ఒకాయన, "మా లెక్క సరైనదని మాకూ ఇవాళే తెలిసింది సిస్టర్" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. గుమస్తా అందరికంటే గట్టిగా నవ్వింది.

బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాం. నేను మీసం దువ్వుకుంటూ, "చూశావా? నెలకు రెండు వేలు నా సంపాదన. ఇకనుంచి నన్ను కాస్త గౌరవంగా చూడు" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. కాగితం వంకే చూస్తోంది. "ఏమండీ, అప్పుడు పెద్ద డాక్టరుగారు మా అమ్మతో నా గురించి ఆశ పెట్టుకోవద్దన్నారు. తలుపవతల నుంచి నేను విన్నాను. మరి తిరిగి చేరుతుందని ఆయనే ఎలా రాశారు?"

ఇన్నేళ్ళలో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

"మొదట రాయనన్నాడు. అబద్ధం ఎలా రాయమంటావయ్యా అన్నాడు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? నాకు మాటలు రావు కదా. ఇంటికెళ్ళి నీ డ్యూటీ గౌను పట్టుకెళ్ళాను. కొత్తది, నేను కుట్టింది. అప్పుడు నువ్వు చిక్కి సగమైపోయావు. ఆ కొలతకే కుట్టాను గానీ, కుట్ల లోపల నాలుగేసి వేళ్ళ గుడ్డ వదిలిపెట్టాను. తిరగేసి ఆయనకు చూపించి, మళ్ళీ ఒళ్ళు చేస్తుంది సార్, అప్పుడు విప్పి వదులు చెయ్యాలిగా, అందుకని ఉంచాను అన్నాను. ఆయన ఆ గుడ్డను చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత పెన్ను తీశాడు."

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆఫీసు వరండాలో, అందరూ వస్తూ పోతూ ఉండగా. మేమిద్దరం ఎప్పుడూ అలా కూర్చున్నవాళ్ళం కాదు. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది, నవ్వుతూనే మళ్ళీ తుడుచుకుంది. నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

తర్వాత ఫోను తీసి క్లినిక్కుకు చేసింది. "డాక్టరుగారూ, నేను రాత్రి డ్యూటీకి రావడం లేదండీ. అవునండీ, ఆలోచించుకునే చెబుతున్నాను. లేదండీ, జీతం తక్కువని కాదు. మా ఆయన ఇంట్లో ఒక్కరే ఉంటారు."