ఇద్దరికీ గుంజీళ్ళు

పటాన్‌చెరు బజారులో రాజేశ్వర్, విఘ్నేశ్వర్ అనే అన్నదమ్ములకు కిరాణా దుకాణం ఉంది. కింద దుకాణం, పైన ఇల్లు. అందరికీ పొయ్యి ఒక్కటే. పిల్లల మధ్య తేడా చూపరని ఆ ఇంటికి పెద్ద పేరు. రాజేశ్వర్ కొడుకు వరుణ్‌కి చొక్కా కొంటే, విఘ్నేశ్వర్ కూతురు వర్షకి గౌను రావాల్సిందే. పిల్లలు కొట్లాడుకుంటే ఇద్దరికీ గుంజీళ్ళు. తప్పెవరిదని అడిగితే అన్నదమ్ముల మధ్య మాట వస్తుందని రాజేశ్వర్ భయం. విచారించడం కంటే గుంజీళ్ళు తీయించడం తేలిక మరి.

వరుణ్ తొమ్మిదో తరగతి, వర్ష నాలుగో తరగతి. ఆ పిల్లకి మూత్రంలో మంట, జ్వరం మళ్ళీ వచ్చాయి. డాక్టరమ్మ మందు రాసి, తల్లి త్రివేణిని అడిగింది.

"నీళ్ళు తాగట్లేదు, ఆపుకుంటోంది. స్కూల్లోనా, ఇంట్లోనా?"

కన్నతల్లికి తెలియదా అంటే, తెలియలేదు. ఆ రోజు నుంచి గమనించింది. బడికి పంపిన నీళ్ళ సీసా ఖాళీగానే వస్తోంది, అంటే అక్కడ తాగుతోంది. దుకాణం మూసే ఆదివారం వర్ష గటగటా తాగుతోంది. మిగతా రోజుల్లో సాయంత్రం కాగానే గ్లాసు ముట్టదు. ఫ్యాక్టరీల డ్యూటీ దిగినవాళ్ళు సామాన్లకు ఎగబడే వేళ అది. పెద్దవాళ్ళు నలుగురూ కిందే ఉంటారు. పైన పిల్లలిద్దరే.

మర్నాడు రద్దీ మధ్యలో తక్కెడ వదిలేసి త్రివేణి పైకి వెళ్ళింది. బాత్రూం తలుపుకి బయట గొళ్ళెం పెట్టి ఉంది. లైటు ఆర్పి ఉంది. స్విచ్ పక్కన వరుణ్ నిలబడి ఉన్నాడు. లోపల నుంచి ఏడుపు కూడా లేదు.

త్రివేణి అరవలేదు. గొళ్ళెం తీసి, వరుణ్‌ని కిందికి పంపి, కూతుర్ని గదిలోకి తీసుకెళ్ళింది.

"దినాం గిట్ల లోపలేస్తడా బిడ్డా?"

"మీరు కిందికి పోయినప్పుడు."

"నాకెందుకు చెప్పలే?"

"పోయినసారి చెప్పిన గద. పెదనాన్న నాతోని గుడ గుంజీళ్ళు తీపిచ్చిండు."

అప్పుడు త్రివేణీ అక్కడే ఉంది. పిల్లలన్నాక కొట్లాడుకోరా అని నవ్వింది కూడా.

దుకాణం కట్టేశాక ఆమె చూసిందంతా అందరి ముందూ చెప్పింది. రాజేశ్వర్ విన్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది?

"ఇద్దరు రండి. చెవులు వట్టుకోండి."

వర్ష చేతులు అప్పుడే చెవుల దాకా వెళ్ళాయి. త్రివేణి వాటిని పట్టుకుని దించింది.

"వర్ష తియ్యది, బావా."

"ఒక్కనికే శిక్షేస్తే తేడా సూపినట్టయితది."

"గొళ్ళెం పెట్టినోడు, లోపలున్నది ఒకటే ఎట్లయితరు? ఇది కొట్లాట గాదు. పిల్ల నీళ్ళు తాగుడు బంద్ చేసింది."

విఘ్నేశ్వర్ అన్న ముఖం చూసి, ఆ తర్వాత కూతురి పక్కకి వచ్చి నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక అన్న మాటకి అడ్డం నిలబడింది అదే మొదలు.

రాజేశ్వర్ కోపం కొడుకు మీదికి మళ్ళింది. వరుణ్ రెక్క పట్టి బాత్రూం వైపు లాగాడు. "నువ్వు గుడ కూసో చీకట్ల. అప్పుడెర్కయితది."

వరుణ్ తల్లి రుక్మిణి, భర్తకి ఎదురుగా తలుపు దగ్గర నిలబడింది.

"వానికి ఎర్కనే. మార్కులు తగ్గినప్పుడల్లా నువ్వే గద అండ్ల ఏసినవు."

అది దండన అనుకున్నారే గాని, ఇంకొకరికి నేర్పుతున్నామని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

"నిన్నేసినప్పుడు భయమయిందా?" రాజేశ్వర్ కొడుకుని మెల్లగా అడిగాడు.

"అయ్యేది."

"మరి నీ చెల్లెనెట్ల ఏస్తివిరా?"

వరుణ్ నేల చూస్తూ అన్నాడు.

"బయట నిలవడితే భయంగాదు, నాన్నా."

రాజేశ్వర్ చెయ్యి దానంతటదే వదులైంది. కాసేపటికి కిందికి దిగి స్క్రూడ్రైవర్ తెచ్చి, గొళ్ళెం ఊడదీశాడు. సాయంత్రం రద్దీ ఎంతున్నా పెద్దవాళ్ళలో ఒకరు పైనే ఉండాలని రుక్మిణి అంటే కాదనలేదు. వరుణ్‌తో తాను రోజూ కాసేపు విడిగా కూర్చుంటానని కూడా అన్నాడు. ఏం మాట్లాడాలో మాత్రం అతనికి తెలియదు.

వర్ష లోపలికి వెళ్ళింది. గొళ్ళెం లేని తలుపు వెనుక నుంచి అడిగింది.

"అమ్మా, ఉన్నవా?"

"ఉన్న."

కొంచెం ఆగి మళ్ళీ అడిగింది. "పెదనాన్న గుడ ఉన్నడా?"

"ఉన్న బిడ్డా," అన్నాడు రాజేశ్వర్.

అతను అక్కడున్నంతసేపు వర్ష బయటికి రాలేదు.